ఒక్క స్టార్ రివ్యూకి జవాబు: తెలుగులోనా, ఇంగ్లీషులోనా, రెండింట్లోనా?

గూగుల్ మ్యాప్స్‌లో మీ దుకాణానికి ఎవరో ఒక్క స్టార్ ఇచ్చి, కింద నాలుగు ఘాటైన వాక్యాలు రాశారనుకుందాం. దానికి బదులు రాయడానికి యజమానికి దొరికేది ఒకే ఒక్క పెట్టె. వాదోపవాదాలకు అక్కడ చోటు లేదు. ఆ తర్వాత కస్టమర్ తన రివ్యూని దిద్దుకోవచ్చు, మీరు మీ జవాబుని దిద్దుకోవచ్చు, అంతే. ఆ ఒక్క పెట్టెలో ఏ భాషలో రాయాలన్న ప్రశ్న చిన్న దుకాణం నడిపే తెలుగువాళ్ళందరికీ ఎదురవుతుంది. చాలామంది దాన్ని అలవాటు మీద తేల్చేస్తారు: ఆన్‌లైన్ అనగానే ఇంగ్లీషు. నా ఉద్దేశంలో అది చాలాసార్లు తప్పు ఎంపిక.

జవాబు చదివేవాళ్ళు మూడు రకాలు. రివ్యూ రాసిన మనిషి ఒకరు. మీరు జవాబివ్వగానే ఆ మనిషికి నోటిఫికేషన్ వెళ్తుంది. రెండో రకం, రేపు మీ దగ్గరికి రావాలా వద్దా అని చూసే తెలుగువాళ్ళు. మూడో రకం తెలుగు రానివాళ్ళు, లేదా మాట్లాడటం వచ్చినా లిపి చదవలేనివాళ్ళు. మీ వ్యాపారానికి ఈ ముగ్గురిలో ఎవరు ఎంతమంది వస్తారో మీకే తెలుసు. భాష ఎంపిక అక్కడి నుంచి మొదలుకావాలి. నలుగురిలో హుందాగా కనపడాలన్న తాపత్రయం నుంచి కాదు.

తెలుగులో మాత్రమే

రివ్యూ తెలుగులో ఉంటే, మీ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలుగు చదివేవాళ్ళైతే, ఇదే మంచి దారి. కోపంగా ఉన్న మనిషితో తన భాషలో మాట్లాడితే సగం కోపం తగ్గుతుందని నేను నమ్ముతాను. తెలుగులో తిట్టినవాళ్ళకి ఇంగ్లీషులో జవాబిస్తే, ఎదురుగా నిలబడి అడిగిన మనిషికి ఆఫీసు నోటీసు చేతిలో పెట్టినట్టు ఉంటుంది.

అయితే తెలుగులో రాయడానికి కూర్చోగానే చాలామందికి వేరే గొంతు వస్తుంది. ‘మీకు కలిగిన అసౌకర్యానికి తీవ్రంగా చింతిస్తున్నాము’ అని మొదలుపెడతారు. ఇది ప్రకటనల్లో వినిపించే వాక్యం. కౌంటర్ దగ్గర నిలబడిన మనిషితో ఎవరూ ఇలా మాట్లాడరు. ‘మీకు అలా అనిపించినందుకు బాధగా ఉంది’ అన్నది ఇంకా చేటు, ఎందుకంటే తప్పంతా వాళ్ళకి అనిపించడంలోనే ఉందని అర్థం వస్తుంది. ‘పొరపాటు జరిగింది’ అన్న మాట కూడా నేను వాడొద్దంటాను. పొరపాటు దానంతటదే జరగదు కదా. ‘మేము ఫోన్ చేసి చెప్పాల్సింది, చెప్పలేదు’ అంటే ఎవరు ఏం చేయలేదో తెలిసిపోతుంది, చదివేవాళ్ళకి నమ్మకం కుదురుతుంది.

ఆ ‘మేము’, ‘మీకు’ రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. తెలుగులో కర్తను వదిలేయడం మనకి చాలా సహజం. ‘ఆరోజు చెప్పలేదు’ అంటే ఎవరు చెప్పలేదో సందర్భాన్ని బట్టి మనకి అర్థమవుతుంది. కానీ గూగుల్ రివ్యూలనీ జవాబులనీ చదివేవాళ్ళ భాషలోకి మార్చి చూపిస్తుంది. ఆ యంత్రానువాదానికి సందర్భం పట్టుబడకపోతే ‘మీరు చెప్పలేదు’ అని తిరగబడిపోవచ్చు. మీరు తప్పు ఒప్పుకుంటూ రాసిన వాక్యం, ఇంగ్లీషులో చదివేవాళ్ళకి కస్టమర్ మీద నింద వేసినట్టు కనిపిస్తుంది. అందుకని తెలుగు జవాబులో ప్రతి వాక్యానికీ కర్త ఉండాలి. కాస్త బరువనిపించినా ఉంచాలి. వాక్యాలు పొట్టిగా ఉంటే అనువాదం దెబ్బతినే అవకాశం ఇంకా తగ్గుతుంది. సామెతలు, వెటకారాలు అసలే వద్దు.

ఇంగ్లీషులో మాత్రమే

రివ్యూ ఇంగ్లీషులో ఉంటే జవాబు ఇంగ్లీషులోనే ఉండాలి. రాసినవారి పేరు చూసి ‘ఈయన మనవాడే’ అని తెలుగులో బదులివ్వడం నాకు నచ్చదు. వాళ్ళు ఆ భాష ఎంచుకున్నారు, దాన్ని గౌరవించాలి.

ఇంగ్లీషు అంతగా రాదని భయపడేవాళ్ళకి ఒకటే చెప్తాను. నాలుగైదు చిన్న వాక్యాలు చాలు. ఏం జరిగింది, అందులో మా తప్పేది, ఇప్పుడు ఏం చేస్తాం, ఎవరిని కలవాలి. వ్యాకరణంలో చిన్న తేడా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. పట్టించుకునేది ఎక్కడినుంచో తెచ్చి అతికించిన పేరాని. మీ పేజీలో పది రివ్యూల కింద పది జవాబులు ఒకే అచ్చులో కనిపిస్తే, పదకొండో మనిషికి అర్థమయ్యేది ఒక్కటే, ఇక్కడ ఎవరూ రివ్యూలు చదవట్లేదని.

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేటప్పుడు గొంతు గట్టిపడే ప్రమాదం ఒకటుంది. ‘ముందే చెప్పాం కదండీ’ అన్న మాటలో ‘కదండీ’ వల్ల మెత్తదనం ఉంది. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి ఆ మెత్తదనం రాలిపోయి, ‘మేము ముందే చెప్పాం’ అన్న గద్దింపు మాత్రమే మిగులుతుంది. అందుకని ఇంగ్లీషు జవాబులో ‘ముందే చెప్పాం’ అన్న వాదనే తీసేయడం మంచిది. చెప్పినమాట నిజమే అయినా, అవతలివాళ్ళకి అది అందలేదన్నదీ నిజమే.

రెండు భాషల్లోనూ

రివ్యూ తెలుగులో ఉండి, మీ దగ్గరికి తెలుగు రానివాళ్ళు కూడా గణనీయంగా వస్తుంటే ఇది పనికొస్తుంది. లేదా ఆరోపణ తీవ్రమైనదైతే: మోసం, దొంగతనం, వస్తువు పాడుచేయడం లాంటివి. అలాంటి చోట మీ మాటల్ని యంత్రానువాదానికి వదిలేయకుండా, ఇంగ్లీషులో మీరే చెప్పుకోవడం మంచిది.

కానీ తెలుగు పేరా రాసి, దాన్నే మళ్ళీ ఇంగ్లీషులో దించడం రెండు భాషల జవాబు అనిపించుకోదు. రెండు భాగాలకీ వినేవాళ్ళు వేరు. మొదటి భాగం రివ్యూ రాసిన మనిషితో మాట్లాడుతుంది, అందుకని అది రివ్యూ ఉన్న భాషలో, ‘మీరు’ అని సంబోధిస్తూ ఉండాలి. రెండో భాగం పక్కనుంచి చదువుతున్నవాళ్ళకి జరిగింది చెబుతుంది. అది సగం పొడవుంటే చాలు. పొడవైన జవాబుని గూగుల్ మొదటి కొన్ని పంక్తులకే కత్తిరించి, మిగతాది ‘More’ నొక్కితేగానీ చూపించదు. కాబట్టి మొదటి వాక్యంలోనే అసలు విషయం ఉండాలి. పలకరింపులు, ధన్యవాదాలు, దుకాణం ఎన్నేళ్ళ నుంచి ఉందన్న గొప్పలు ముందు పెడితే, కనపడే చోటంతా వాటికే పోతుంది.

రెండు భాషల జవాబులో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, రెండు భాగాలూ ఒకే మోతాదులో ఒప్పుకోకపోవడం. తెలుగులో ‘మా తప్పే’ అని రాసి, ఇంగ్లీషుకి వచ్చేసరికి ‘ఆలస్యం జరిగి ఉండవచ్చు’ అన్నట్టు జారుకుంటారు. లేదా ఇంగ్లీషులో మర్యాదగా ఉండి, తెలుగులో ‘మీలాంటివాళ్ళు’ అంటూ కసి తీర్చుకుంటారు. తెలుగు చదివేవాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు కూడా వచ్చని మర్చిపోవద్దు. రెండూ పక్కపక్కనే కనపడతాయి. అక్కడ దొరికిపోయిన దుకాణం మీద నమ్మకం మళ్ళీ కుదరడం కష్టం. జవాబు పెట్టేముందు రెండు భాగాల్లోనూ ఒప్పుకున్న విషయాల్ని, ఇచ్చిన మాటల్ని పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. ఒకదాంట్లో ఉన్న మాట ఇంకోదాంట్లో లేకపోయినా ఫరవాలేదు. ఒకదాన్ని ఇంకోటి కాదనకూడదు.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు

చాలా రివ్యూలు ఇలాగే వస్తాయి. ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టుకోనివాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసేస్తారు. రాసేవాళ్ళకి అది సులువు, చదివేవాళ్ళు మాత్రం కూడబలుక్కోవాలి. ఒక్కొక్కరి వర్ణక్రమం ఒక్కోలా ఉంటుంది కాబట్టి యంత్రానువాదాన్ని కూడా నమ్ముకోలేం. ఇలాంటి రివ్యూకి యజమాని తెలుగు లిపిలో జవాబు ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. అయితే ఒక మినహాయింపు ఉంది. తెలుగు ఇళ్ళలో పెరిగి, ధారాళంగా మాట్లాడుతూ, లిపి మాత్రం నేర్చుకోని పిల్లలు చాలామంది ఉన్నారు. మీ కస్టమర్లలో అలాంటివాళ్ళు ఎక్కువైతే కింద రెండు వాక్యాలు ఇంగ్లీషులో చేర్చండి.

ఒక రివ్యూ, దానికి జవాబు

ఇదంతా ఒక ఊహించిన ఉదాహరణ మీద చూద్దాం. ఒక చిన్న ఫోన్ రిపేరు దుకాణం. రివ్యూ ఇలా ఉంది:

‘డిస్‌ప్లే మార్చమని ఇస్తే మూడు రోజులు తిప్పించారు. ఇంటికెళ్ళి ఫోన్ మాట్లాడితే అవతలివాళ్ళ మాట వినపడట్లేదు. అడిగితే అది ముందే పోయి ఉంటుంది అన్నారు. దొంగలు. ఎవరూ వెళ్ళొద్దు.’

యజమాని చేతికి మొదట వచ్చే జవాబు ఏమిటో ఊహించొచ్చు. ‘మేము ఎన్నో ఏళ్ళుగా నిజాయితీగా పనిచేస్తున్నాం. మీ ఫోన్ అంతకుముందే నీళ్ళలో పడింది, ఆ విషయం మీరు దాచారు.’ ఇది నిజమే అయినా పెట్టకూడదు. కస్టమర్ వస్తువు గురించి పని చేసేటప్పుడు మీకు తెలిసిన సంగతిని నలుగురిలో బయటపెడుతున్నారు కాబట్టి, చదివే ప్రతివాళ్ళూ ‘రేపు నా గురించి కూడా ఇలాగే రాస్తారు’ అనుకుంటారు. వైద్యం లాంటి వృత్తుల్లో ఇది చట్టం దాకా వెళ్తుంది. అమెరికాలో ఒక దంత వైద్యశాల, యెల్ప్ అనే రివ్యూల సైటులో వచ్చిన రివ్యూలకి బదులిస్తూ రోగుల ఆరోగ్య వివరాలు బయటపెట్టినందుకు, 2019లో ప్రభుత్వంతో రాజీకి వచ్చి 10,000 డాలర్లు కట్టింది.

రాయడానికి ముందు చేయాల్సిన పని, ఆ రిపేరు వివరాలు రాసుకున్న జాబ్ కార్డు తీయడం. ఈ ఉదాహరణలో అది తీస్తే రెండు విషయాలు తెలుస్తాయి. డిస్‌ప్లే రెండో రోజు సాయంత్రం గానీ రాలేదు, ఆ సంగతి కస్టమర్‌కి ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. ఫోన్ తీసుకునేటప్పుడు రాసుకోవాల్సిన చోట, ఇయర్ స్పీకర్ పరీక్షించినట్టు టిక్కు లేదు, ఖాళీగా ఉంది. ఈ రెండో విషయం కీలకం. కొన్ని ఫోన్లలో ఇయర్ స్పీకర్ డిస్‌ప్లే భాగానికే అతుక్కుని ఉంటుంది. పాతదాంట్లోంచి జాగ్రత్తగా ఊడదీసి కొత్తదానికి బిగించాలి. ఆ సన్నటి కేబుల్ కాస్త నలిగినా, సరిగ్గా కూర్చోకపోయినా మాట వినపడదు. అంటే కస్టమర్ చెప్పేది జరగడానికి వీలుంది. ముందే పోయిందనడానికి దుకాణం దగ్గర ఆధారం లేదు. కాబట్టి ఆలస్యాన్ని పూర్తిగా ఒప్పుకోవాలి. స్పీకర్ విషయంలో ‘మాకు తెలియదు, ముందే పోయిందని మేము అనకూడదు’ అన్నంత వరకే ఒప్పుకోవాలి, పాడుచేశామని కాదు. ‘దొంగలు’ అన్న మాటను పట్టుకుని వాదించక్కర్లేదు. పైన చెప్పినవే దానికి సమాధానం.

రివ్యూ తెలుగులో ఉంది, ఆరోపణ తీవ్రంగా ఉంది. అందుకని రెండు భాషల జవాబు ఎంచుకుందాం. తెలుగు భాగం:

‘మూడు రోజులు తిప్పించామన్నది నిజం. డిస్‌ప్లే మాకు ఆలస్యంగా అందింది, ఆ సంగతి మేము మీకు ఫోన్ చేసి చెప్పాల్సింది, చెప్పలేదు. క్షమించండి. ఫోన్ తీసుకునేటప్పుడు మేము ఇయర్ స్పీకర్ పరీక్షించలేదు. కాబట్టి అది ముందే పోయిందని మేము అనకూడదు. మీరు ఫోన్ తీసుకురండి, మేము మీ ఎదురుగానే విప్పి చూస్తాం, చూసినందుకు ఏమీ తీసుకోం. మా పని వల్ల పాడైందని తేలితే మా ఖర్చుతో బాగుచేస్తాం. ఉదయం పూట వస్తే నేనే ఉంటాను.’

దాని కింద ఇంగ్లీషు భాగం:

```
The delay was our fault: the display came late and
we did not call the customer. We did not test the
earpiece when we took the phone in, so we cannot say
it was already bad. We will check it free, and if our
work damaged it, we will repair it at our cost.
```

తెలుగు భాగంలో క్షమాపణ ఉంది, పిలుపు ఉంది, ఎప్పుడు వస్తే ఎవరుంటారో ఉంది. ఇంగ్లీషు భాగంలో అవేవీ లేవు, ఎందుకంటే అది కస్టమర్‌ని ఉద్దేశించింది కాదు. కానీ ఒప్పుకున్న విషయాలూ ఇచ్చిన మాటా రెండింట్లో ఒకటే. కస్టమర్ పేరు, ఫోన్ నంబరు, ఫోన్ మోడల్ ఎక్కడా లేవు. ‘రివ్యూ తీసేస్తే’ అన్న షరతు కూడా లేదు. చెడ్డ రివ్యూ తీసేయడానికో మార్చడానికో డబ్బు, తగ్గింపు, ఉచిత సేవ ఇవ్వజూపడం గూగుల్ నియమాలకి విరుద్ధం. ఉచితంగా పరీక్షిస్తామన్నది చేసిన పనికి బాధ్యతగా ఇస్తున్న మాట, రివ్యూతో దానికి లంకె పెట్టకూడదు.

జవాబా, రిపోర్టా

‘Report review’ నొక్కితే సరిపోతుందని చాలామంది ఆశపడతారు. బూతులు, బెదిరింపులు, వ్యక్తిగత వివరాలు, నకిలీ రివ్యూలు, పోటీ దుకాణంవాళ్ళు రాసినవి లాంటి వాటికి ఆ దారి ఉంది, వాడుకోండి. కానీ దుకాణానికీ కస్టమర్‌కీ మధ్య ఏది నిజమో గూగుల్ తేల్చదు. పైన చెప్పిన రివ్యూలో ‘దొంగలు’ అన్న మాట బాధ పెట్టేదే, అయినా మిగతాదంతా జరిగిన పని గురించే ఉంది కాబట్టి రిపోర్టు చేస్తే తీసేస్తారని నమ్మకం పెట్టుకోవద్దు.

నకిలీదనిపించే రివ్యూ వస్తే రిపోర్టు చేసి, ఫలితం వచ్చేదాకా ఖాళీగా వదలకుండా చిన్న జవాబు పెట్టండి. ‘మీరు మా కస్టమరే కాదు’ అని మాత్రం రాయొద్దు. అకౌంటు పేరు వేరే ఉండొచ్చు, పని ఇంట్లో ఇంకొకరు ఇచ్చి ఉండొచ్చు. ‘మీరు చెప్పిన పని మా రికార్డుల్లో మాకు దొరకలేదు. రసీదు నంబరు మాకు ఫోన్ చేసి చెబితే వెతుకుతాం’ అంటే చాలు.

అసలు జవాబివ్వకుండా ఊరుకోవడం సంగతేమిటి? మాటలేమీ లేకుండా స్టార్ మాత్రమే పెట్టిన రివ్యూని వదిలేసినా పెద్ద నష్టం లేదు. కారణం రాసిన రివ్యూని వదలొద్దు. ప్రోసెర్పియో, జెర్వాస్ అనే పరిశోధకులు ట్రిప్అడ్వైజర్ అనే ప్రయాణాల సైటులో హోటళ్ళ రివ్యూలు పరిశీలించి, 2017లో ‘మార్కెటింగ్ సైన్స్’ పత్రికలో ఒక సంగతి చెప్పారు. యజమానులు జవాబివ్వడం మొదలుపెట్టాక సగటు రేటింగ్ కొద్దిగా పెరిగింది. చెడ్డ రివ్యూల సంఖ్య తగ్గింది, కానీ వచ్చినవి ముందుకన్నా పొడుగ్గా ఉన్నాయి. యజమాని చదువుతాడని తెలిస్తే ఊరికే రెండు తిట్లు రాసిపోయేవాళ్ళు వెనక్కి తగ్గుతారని, నిజంగా ఇబ్బందిపడ్డవాళ్ళు వివరంగా రాస్తారని దానికి వాళ్ళిచ్చిన వివరణ. చిన్న దుకాణానికి ఇది మంచిదే అంటాను. పొడుగాటి ఫిర్యాదులో దిద్దుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

పెట్టిన తర్వాత

జవాబు పబ్లిష్ చేశాక రెండు ఫోన్లలో చూడండి, ఒకటి తెలుగులో పెట్టి, ఇంకోటి ఇంగ్లీషులో పెట్టి. ఇంగ్లీషు ఫోన్లో అనువాదం కనిపిస్తే ఎవరు ఎవరిని ఏమన్నట్టు వచ్చిందో ఒక్కో వాక్యం చదవండి. కర్త తిరగబడితే తెలుగు వాక్యాన్ని విడదీసి మళ్ళీ రాయండి. ‘More’ కి ముందు ఎంతవరకు కనపడుతోందో కూడా అక్కడే తెలుస్తుంది.

ఆ తర్వాత కస్టమర్ వచ్చి, స్పీకర్ విప్పి చూసి, విషయం తేలాక జవాబుని దిద్దండి. పాతది చెరిపేయకుండా కింద ఒక వాక్యం చేర్చడమే నయం. ‘కస్టమర్ వచ్చారు, కేబుల్ మేము సరిగ్గా బిగించలేదని తేలింది, ఉచితంగా సరిచేసి ఇచ్చాం.’ కారణం వేరే అని తేలితే, ‘కస్టమర్ ఎదురుగానే చూశాం, ఏం తేలిందో వారికి వివరించాం’ అన్నంతవరకే రాసి ఆగండి. లోపల తుప్పు కనిపించిందనో, నీళ్ళు దిగాయనో అక్కడ రాయొద్దు. అది కస్టమర్‌కీ మీకూ మధ్య ఉండాల్సిన సంగతి. రెండు భాషల్లో జవాబిచ్చి ఉంటే ఆ వాక్యం రెండు చోట్లా చేర్చాలి.